చిన్న షాపులవాళ్ళ కోసం పోర్ట్‌ఫోలియో పోస్ట్ పెడుతుంటే క్యాప్షన్‌లో రోజులు, రేట్లు ఎలా రాయాలి

ప్రశ్న: నేను విజయవాడలో ఫ్రీలాన్స్ గ్రాఫిక్ డిజైనర్ని, ఏడాదిన్నర అయింది. లేబుల్స్, మెనూ కార్డులు, లోగోలు చేసినవి 8 ఫోటోలు ఇన్‌స్టాలో కెరూసెల్‌గా పెడదామనుకుంటున్నా. పచ్చళ్ళు, స్వీట్లు చేసే హోమ్ బిజినెస్ వాళ్ళు, చిన్న షాపులవాళ్ళు క్లయింట్లుగా కావాలి. క్యాప్షన్‌లో ఏం రాయాలి? ఎన్ని రోజుల్లో ఇస్తానో, ఎంత తీసుకుంటానో రాసెయ్యాలా, లేక "వివరాలకి డీఎం చెయ్యండి" అంటే సరిపోద్దా?

సమాధానం:

నేను గుంటూరులో ఒక డీటీపీ సెంటర్లో మొదలుపెట్టి, తర్వాత ఫ్లెక్స్ షాపులో చేసి, ఇప్పుడు సొంతంగా చేసుకుంటున్నా, మొత్తం 11 ఏళ్ళు అయింది, ఎక్కువగా ఫుడ్ లేబుల్సే చేస్తా. అందుకే లేబుల్ క్లయింట్‌ని పెట్టుకునే చెప్తా, మెనూ కార్డుకైనా లెక్క ఇదే.

ముందు ఆ పోస్టు చూసే మనిషి ఎవరో అనుకోండి. ఇన్నాళ్ళూ ఆవకాయ, గోంగూర, కాకరకాయ కారం పెట్టి తెలిసినవాళ్ళకి మామూలు ప్లాస్టిక్ డబ్బాల్లో ఇచ్చిన ఆవిడ ఇప్పుడు కొరియర్లో హైదరాబాదుకి, బెంగళూరుకి పంపుదామనుకుంటుంది, డబ్బా మీద లేబుల్ కావాలి. వంటపని అంతా అయ్యాక రాత్రి ఫోన్ పట్టుకున్నప్పుడు మీ పోస్టు కనపడుద్ది. ఆవిడ మనసులో ఉండేవి మూడే, నాలాంటోళ్ళ పని చేశాడా, ఎప్పటికిస్తాడు, ఎంత తీసుకుంటాడు. ఇవి క్యాప్షన్‌లో దొరక్కపోతే మెసేజ్ పెట్టి అడగొచ్చు కదా అనుకుంటాం గానీ అడగదు, ఎందుకంటే అడిగాక ఎక్కువ రేటని తేలితే "వద్దులెండి" అని చెప్పడానికి మొహమాటం. ఆ మొహమాటం లేనోళ్ళు మాత్రం అడుగుతారు, వాళ్ళు పదిమందిని రేటడిగి అందరికంటే తక్కువకి చేసేవాళ్ళ దగ్గరికి పోతారు. "డీఎం చెయ్యండి" అని మాత్రమే పెట్టిన రెండేళ్ళూ నాకు వచ్చినవి ఎక్కువ ఇలాంటి మెసేజ్‌లే. కాబట్టి రేటూ రోజులూ రెండూ రాయండి, కాకపోతే ఎలా రాస్తారన్న దాంట్లోనే అంతా ఉంది.

మొదటి లైను సంగతి చెప్తా. ఫీడ్‌లో క్యాప్షన్ మొదట్లో ఒకటి రెండు లైన్లే కనపడతాయి, మిగతాది నొక్కితేగానీ తెరుచుకోదు. మన తెలుగులో గుణింతాలు, వత్తులు కూడా అక్షరాల లెక్కలోకే వస్తాయి కాబట్టి అనుకున్నదానికంటే ముందే తెగిపోద్ది. "హాయ్, నేను ఫలానా, క్రియేటివ్ డిజైనర్ని, డిజైన్ నా ప్యాషన్" అని మొదలుపెడితే ఆ రెండు లైన్లూ మీ గురించే అయిపోతాయి, పచ్చళ్ళావిడకి అది తన కోసం అని తెలిసే లోపే వేలు కిందకి జరిపేస్తుంది. మొదటి లైన్లో ఆవిడ చేసే పని పేరు ఉండాలి, మీ ఊరి పేరు ఉండాలి. పోస్ట్ చేశాక మీ ఫోన్లో కాకుండా ఇంట్లో వేరే వాళ్ళ ఫోన్లో తెరిచి, ఎక్కడ తెగిందో ఒకసారి చూసుకోండి.

సర్వీసుల దగ్గర చాలామంది చేసే తప్పు, వచ్చినవన్నీ వరసగా రాయడం, లోగో, బ్రోచర్, బ్యానర్, రీల్ కవర్, వెడ్డింగ్ కార్డు, బ్రాండ్ ఐడెంటిటీ ఇలా పది. షాపు నడిపేవాళ్ళు "బ్రాండ్ ఐడెంటిటీ కావాలి" అని ఎవరితోనూ అనరు, "లేబుల్ కొట్టించాలి", "మెనూ కార్డు మార్పించాలి", "బోర్డు పెట్టించాలి" అంటారు, ఆ మాటలే రాయండి. మీ 8 ఫోటోల్లో ఏవి ఉన్నాయో అవే రాయండి, ఫోటోలో లేని సర్వీసుని క్యాప్షన్‌లో రాస్తే చూపించడానికేం లేదని అర్థం. ఇంకోటి, ఫోటోలకి క్యాప్షన్‌లో నంబర్లతో లింక్ పెట్టండి, "3వ ఫోటోలో ఉన్నది ప్రింటయ్యాక డబ్బాకి అంటించి తీసింది" అని. అంతవరకూ స్వైప్ చెయ్యని మనిషి కూడా వెనక్కెళ్ళి చూస్తారు. మాకప్‌లో పెట్టిన లేబుల్ అందంగానే ఉంటది, కానీ నిజం డబ్బా మీద, నూనె జిడ్డు ఉన్న వంటింటి గట్టు మీద తీసిన ఫోటో చూస్తేనే "ఇతను ప్రింట్ దాకా తీసుకెళ్ళాడు" అని నమ్మకం. ప్రాక్టీస్‌కి చేసుకున్న డిజైన్ ఉంటే అది ప్రాక్టీస్ అని రాసెయ్యండి, ఆ పేరుతో షాపు ఎక్కడుందని ఎవరైనా అడిగితే చెప్పలేక ఇబ్బంది పడతారు. క్లయింట్ పని పెట్టేముందు వాళ్ళని ఒకమాట అడగండి.

ఇంక రోజులు. దీంట్లో నేను బాగా దెబ్బతిన్నా కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా. మొదట్లో నా పోస్టుల్లో "48 గంటల్లో లేబుల్ రెడీ" అని పెద్దగా రాసేవాణ్ణి. ఒకావిడ ఉగాదికి మొదలుపెట్టాలని పది రోజుల ముందు వచ్చారు, సరే అన్నా. మేటర్ వాయిస్ మెసేజ్‌లలో ముక్కలు ముక్కలుగా వచ్చింది, అడ్రస్ ఒకరోజు, రేటు ఇంకోరోజు, ఫుడ్ లైసెన్స్ నంబర్ ఐదో రోజు పంపారు. నేను ప్రూఫ్ పంపాక డబ్బా సైజు మారిందని, 250 గ్రాములు కాదు 300 అని చెప్పారు, డబ్బా మారితే లేబుల్ పొడవు కూడా మారుద్ది కదా, మళ్ళీ మొదట్నుంచి సర్దాల్సి వచ్చింది. ఫైల్ ఎనిమిదో రోజు ఇచ్చా, ప్రింటర్ దగ్గర పండగ రద్దీ, ఉగాదికి లేబుల్స్ అందలేదు. "48 గంటలన్నారు కదండీ" అని ఆవిడ బాధపడ్డారు, ఆవిడ వైపు నుంచి చూస్తే ఆ మాట నిజమే, నేను రాసిందే అది.

తప్పు 48 అన్న అంకెలో లేదు, అది ఎప్పట్నుంచి లెక్కో రాయకపోవడంలో ఉంది. పని మొదలయ్యేది వాళ్ళు "చెయ్యండి" అన్న రోజు కాదు, మేటర్ మొత్తం చేతికొచ్చి అడ్వాన్స్ పడిన రోజు. ఆ ఒక్కమాట క్యాప్షన్‌లోనే ఉండాలి. అలాగే ఏది ఇస్తారో కూడా విడగొట్టాలి, మొదటి ప్రూఫ్ చూపించడం వేరు, కరెక్షన్లయ్యాక ప్రింట్ ఫైల్ ఇవ్వడం వేరు, ప్రింటయ్యి లేబుల్స్ చేతికి రావడం వేరు. షాపువాళ్ళకి "రెడీ" అంటే లేబుల్ డబ్బా మీద ఉండటం, మనకి "రెడీ" అంటే ఫైల్. ఈ తేడా ఎవరో ఒకరు ముందే చెప్పకపోతే చివర్లో గొడవ తప్పదు. నేను ఇప్పుడు మొదటి ప్రూఫ్‌కి 3 పని దినాలు రాస్తా, నిజానికి రెండ్రోజుల్లో అయిపోద్ది, కానీ మధ్యలో కరెంటు పోవడమో ఇంకో క్లయింట్ అర్జెంటో ఏదో ఒకటి ఉంటది కదా, ఆ ఒక్కరోజు దానికి. ఓకే అన్నాక మర్నాడు ప్రింట్ ఫైల్. వాళ్ళు ప్రూఫ్ చూసి జవాబివ్వడానికి తీసుకునే రోజులు కూడా కలుపుకుంటే మామూలుగా వారం.

మేటర్ అంటే ఏంటో వాళ్ళకి తెలీదు, అది మనమే చెప్పాలి. ఫుడ్ లేబుల్ మీద పేరు, దేంతో చేశారో ఆ పదార్థాలు, నికర బరువు, అన్ని పన్నులూ కలిపిన ఎంఆర్‌పీ, తయారైన తేదీ, ఎన్నాళ్ళలోపు వాడాలి, తయారీదారు పేరు అడ్రస్, కంప్లైంట్‌కి ఫోన్ నంబర్, శాకాహారమైతే చదరంలో పచ్చ చుక్క, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్, ఇవన్నీ అడిగి రాబట్టాల్సినవి. నేను దీన్ని ఒక పేజీ ఫారంలా చేసి పెట్టుకున్నా, అడగ్గానే వాట్సాప్‌లో పంపిస్తా. దీని గురించి క్యాప్షన్‌లో ఒక్క లైను రాయండి, "లేబుల్ మీద ఏమేం ఉండాలో లిస్ట్ నేనే పంపిస్తా" అని. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి డిజైన్ కంటే ఇదే పెద్ద భయం. కాకపోతే "అన్ని రూల్స్ ప్రకారం గ్యారంటీ" అని మాత్రం రాయొద్దు, వాళ్ళిచ్చిన వివరాలు కరెక్టో కాదో చూసే బాధ్యత మన నెత్తినేసుకోలేం.

రేటు దగ్గరికొద్దాం. "₹500 నుంచి ₹15,000 వరకు" అని రాసేవాళ్ళున్నారు, దాంతో ఉపయోగం లేదు, చూసేవాళ్ళకి 500 ఒక్కటే కనపడుద్ది. "నుంచి" అని రాసినా చదివేవాళ్ళు ఆ మొదటి అంకెనే రేటు అనుకుంటారు, ఇది ఎంత చెప్పినా మారదు, కాబట్టి ఆ మొదటి అంకె మీకు గిట్టుబాటయ్యేదే ఉండాలి, ఆకర్షించడానికి తగ్గించి రాసింది కాకూడదు.

గిట్టుబాటు ఎలా తెలుసుద్ది అంటే నేను చేసే లెక్క ఇది. నెలకి మీ ఇంటి ఖర్చు, నెట్, సాఫ్ట్‌వేర్, ల్యాప్‌టాప్ కోసం పక్కన పెట్టేది అన్నీ కలిపి ₹36,000 కావాలనుకుందాం. రోజుకి ఎనిమిది గంటలు కూర్చున్నా డబ్బులొచ్చే పని ఐదు గంటలే, మిగతాది ఫోన్లు, మెసేజ్‌లు, పోస్టులు, డబ్బులడగడం. నెలకి 24 రోజులైతే 120 గంటలు, అంటే గంటకి ₹300. ఇప్పుడు ఒక లేబుల్‌కి నిజంగా ఎన్ని గంటలు పడుతుందో రాసుకోండి, మేటర్ రాబట్టడం, టైప్ చెయ్యడం రెండు గంటలు, డిజైన్ ఐదు, రెండు సార్లు కరెక్షన్లు రెండు గంటలు, ప్రింట్ ఫైల్ సిద్ధం చేసి ప్రింటర్‌తో మాట్లాడటం ఒక గంట, మొత్తం పది. అంటే ₹3,000 కంటే తక్కువ రాస్తే చేతి డబ్బులు పోయినట్టే. మీ ఖర్చు వేరు, మీ స్పీడు వేరు, మీ అంకె వేరే వస్తది, నా అంకె కాపీ కొట్టొద్దు, లెక్క మాత్రం ఇలా చెయ్యండి. ఇందులో ఇంకో చిక్కు, పని లేని నెలలు ఉంటాయి, అందుకే 24 రోజులూ పని ఉంటదని మొదటి ఏడాది అనుకోవద్దు.

ఇప్పుడు అసలైన మాట. పచ్చళ్ళావిడకి ఒక లేబుల్ కాదు, ఆరు రకాలకి ఆరు లేబుల్స్ కావాలి. మీరు "లేబుల్ ₹3,000" అని మాత్రమే రాస్తే ఆవిడ ఆరింటికీ గుణించుకుని ₹18,000 అనుకుని అక్కడితో వదిలేస్తుంది. కానీ మనకి తెలుసు, మొదటిదానికే పది గంటలు, మిగతా ఐదింటికీ పేరు, రంగు, పదార్థాలు, ఫోటో మార్చడమే, ఒక్కోదానికి గంటన్నర. కాబట్టి మొదటి డిజైన్ ₹3,000, అదే డిజైన్‌లో ఇంకో రకానికి ₹500 అని రెండు అంకెలు రాయండి. ఇప్పుడు ఆవిడ లెక్క ₹5,500 అవుద్ది, ఫోన్ పెట్టకముందే ఆవిడే వేసుకోగలదు. మీకు కూడా పదిహేడున్నర గంటల పనికి ₹5,500, అంటే మొత్తం మీద గంటకి ₹300 దాటుతుంది. నా దగ్గరకొచ్చే లేబుల్ పనులు చిన్నవి పెద్దవవ్వడం మొదలైంది ఈ రెండో అంకె రాశాకే, ముందు ఒక్క రకానికే చేయించుకుని మిగతావి వాళ్ళే ఫోన్లో పేరు మార్చేసుకునేవాళ్ళు.

రేటు పక్కనే అందులో ఏముందో రాయాలి. కరెక్షన్లు ఎన్నిసార్లు అన్నది ముఖ్యం, నేను రెండు సార్లు అంటా, అంటే రెండు మార్పులని కాదు, అన్ని మార్పులూ ఒకేసారి రాసి పంపితే అది ఒకసారి. మన తప్పు వల్ల వచ్చిన అక్షర దోషం ఇందులో లెక్కకి రాదు, అది ఎన్నిసార్లయినా ఊరికే దిద్దాలి. ప్రింటింగ్ ఖర్చు వేరే అని కచ్చితంగా రాయండి, ఎందుకంటే మన ఊళ్ళల్లో చాలా ప్రింటింగ్ షాపులు డిజైన్ ఊరికే చేసి ప్రింటింగ్‌లో కలిపేసుకుంటాయి, చదివేవాళ్ళకి అదే అలవాటు, ₹3,000 అంటే వెయ్యి లేబుల్స్ కూడా వస్తాయనుకుంటారు. సగం అడ్వాన్స్ అన్నది కూడా క్యాప్షన్‌లోనే ఉంటే తర్వాత అడగడానికి మనకి మొహమాటం ఉండదు.

లోగోకి మాత్రం నేను క్యాప్షన్‌లో రేటు రాయను. లేబుల్‌కి పని ఎక్కడ అయిపోద్దో తెలుసు, లోగోకి తెలీదు, ఇంట్లో నలుగురికీ నచ్చేదాకా సాగుతుంది. అది మాట్లాడాకే చెప్పాలి.

రేట్లని స్లైడ్ మీద ఎప్పుడూ వెయ్యొద్దు. క్యాప్షన్ ఎప్పుడైనా ఎడిట్ చేసుకోవచ్చు, పోస్ట్ చేశాక ఫోటో మీద ఉన్న అక్షరాలు మార్చలేం. ఏడాది తర్వాత మీ రేటు ₹3,500 అవుద్ది, పాత స్లైడ్ స్క్రీన్‌షాట్ తీసి మీకే పంపిస్తారు.

తెలుగు లేబుల్స్ చేస్తే ఇంకో సంగతి క్యాప్షన్‌లో చెప్పుకోండి. అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైల్ ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు వేరే గుర్తులైపోతాయి, యూనికోడ్ అయితే కొన్ని పాత సాఫ్ట్‌వేర్లలో వత్తులు విడిపోయి పక్కన పడతాయి, "గోంగూర పచ్చడి"లో చ కింద చ వత్తు ఊడిపోయి అచ్చయిన లేబుల్స్ నేను చూశా. అందుకే అక్షరాలన్నీ కర్వ్స్‌గా మార్చి, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదిలి పీడీఎఫ్ ఇస్తాం కదా. ఇదంతా ఆవిడకి చెప్పక్కర్లేదు, "ప్రింటర్ దగ్గర తెలుగు అక్షరాలు చెడిపోకుండా ఫైల్ ఇస్తా" అంటే చాలు, ఒకసారి చెడగొట్టుకున్నవాళ్ళకి ఆ లైను వెంటనే తగులుద్ది.

చివరి లైన్లో ఏం పంపాలో చెప్పండి, "కాంటాక్ట్ చెయ్యండి" అంటే ఏం రాయాలో తెలీక ఆగిపోతారు. క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు, కాబట్టి wa.me/91 తర్వాత మీ పది అంకెల నంబర్ కలిపిన లింకుని బయోలో పెట్టి, బయోలో ఉందని క్యాప్షన్‌లో చెప్పండి.

ఇవన్నీ కలిపి మీ పోస్టుకి నేనైతే ఇలా రాస్తా, ఫోటో నంబర్లు, అంకెలు మీవి వేసుకోండి:

> పచ్చళ్ళు, పొడులు, స్వీట్లు ఇంట్లో చేసి అమ్ముతున్నారా? డబ్బాకి లేబుల్ నేను చేస్తా. విజయవాడ.
>
> 2, 3వ ఫోటోలు చూడండి, ఒకే డిజైన్‌లో ఆరు పచ్చళ్ళ లేబుల్స్, ప్రింటయ్యి డబ్బాలకి అంటించాక తీసినవి. 5వది టిఫిన్ సెంటర్ మెనూ కార్డు. 7వది ప్రాక్టీస్‌కి చేసుకున్నది.
>
> లేబుల్ మీద ఏమేం ఉండాలో లిస్ట్ నేనే పంపిస్తా. ప్రింటర్ దగ్గర తెలుగు అక్షరాలు చెడిపోకుండా ఫైల్ ఇస్తా.
>
> మేటర్ మొత్తం, అడ్వాన్స్ అందిన రోజు నుంచి 3 పని దినాల్లో మొదటి ప్రూఫ్. మీరు ఓకే అన్నాక మర్నాడు ప్రింట్ ఫైల్. మామూలుగా వారం పడుతుంది, ప్రింటింగ్ రోజులు వేరే.
>
> లేబుల్ మొదటి డిజైన్ ₹3,000 నుంచి, రెండు సార్లు కరెక్షన్లు కలిపి. అదే డిజైన్‌లో ఇంకో రకానికి ₹500. రెండు పేజీల మెనూ కార్డు ₹2,500 నుంచి. లోగో రేటు మాట్లాడాక చెప్తా. ప్రింటింగ్ ఖర్చు ఇందులో లేదు. సగం అడ్వాన్స్.
>
> వాట్సాప్ లింక్ బయోలో ఉంది. ఏం అమ్ముతారు, ఎన్ని రకాలు, ఎప్పటికి కావాలి, ఈ మూడూ రాసి డబ్బా ఫోటో పంపండి. ఆ రోజే రేటూ తేదీ చెప్తా.

క్యాప్షన్‌కి 2,200 అక్షరాల పరిమితి, ఇది అందులో హాయిగా పడుతుంది, కాబట్టి ఇంకా నింపాలని చూడకండి. పేరాల మధ్య ఖాళీ ఉంచండి, లేకపోతే ఫోన్లో అంతా ఒకే ముద్దలా కనపడుద్ది.

పెట్టాక వచ్చే మెసేజ్‌లని బట్టి క్యాప్షన్ దిద్దండి. "రేటెంత" అని అడుగుతున్నారంటే క్యాప్షన్‌లో రేటు లైను బాగా కిందకెళ్ళిపోయింది, ఆ లైను పైకి తీసుకురండి. "ప్రింట్ చేసి కూడా ఇస్తారా" అని ఎక్కువమంది అడుగుతుంటే ఆ లైను సరిగా అర్థం కావట్లేదన్నమాట, లేదా మీరొక ప్రింటర్‌తో మాట్లాడుకుని ఆ సర్వీసు కూడా పెట్టాల్సిన టైమొచ్చింది. మెసేజ్ పెట్టినవాళ్ళు రేటు విని కాదు, రోజులు విని ఆగిపోతుంటే చూడండి, పండగ ముందు అలాగే అవుద్ది. నేను సంక్రాంతి, ఉగాది, దసరాకి మూడు వారాల ముందే మొదటి పేరాలో ఒక లైను కలుపుతా, "పండక్కి కావాలంటే మేటర్ ఫలానా తేదీ లోపు పంపండి" అని, పండగ అయ్యాక తీసేస్తా. ఆవకాయ సీజన్ ముందు, అంటే మార్చిలో, కూడా ఇదే చేస్తా, ఏప్రిల్ వచ్చాక అడిగేవాళ్ళకి ప్రింటర్ దగ్గరే ఆలస్యం అవుద్ది.

మీ గంటల లెక్క వేసుకుని క్యాప్షన్ రాసి ఇక్కడ పెట్టండి, మొదటి ఫోటో కూడా పెడితే రెండూ కలిపి చూసి చెప్తా.